డ్రోన్ షోలో డ్రోన్లు ఒకదాన్నొకటి చూసుకోవు.. ఢీకొట్టకుండా చూసే పని నేల మీదే అయిపోవాలి

2024 అక్టోబర్ 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5 వేలకు పైగా డ్రోన్లు ఒకేసారి లేచిన వీడియో మీలో చాలామంది ఫోన్లలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. అంత పెద్ద గుంపు కృష్ణా నది మీద బొమ్మ నుంచి బొమ్మకు మారుతుంటే చూసేవాళ్లకు సహజంగా ఒక ఆలోచన వస్తుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి, పక్కదాన్ని చూసి తప్పుకుంటున్నాయి అని. పక్షుల గుంపులా అన్నమాట.

నిజానికి మామూలుగా లైట్ షోలో అలాంటిదేమీ జరగదు. ఒక్కో డ్రోన్‌కి ఒక దారి ముందే రాసిపెట్టి ఉంటుంది. 'ఇన్ని సెకన్లకు ఇక్కడ ఉండు, ఈ రంగు వేసుకో' అంతే. పక్కన ఎవరున్నారో దానికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అందరూ తమ తమ దారిలో తమ టైమ్‌కి ఉంటే ఎవరూ ఎవరికీ తగలరు. ఢీకొట్టకుండా చూసుకోవడం అనే పని మొత్తం ఎగరకముందే, కంప్యూటర్‌లో అయిపోతుంది.

ఇది లోపం అని కొందరంటారు. ఇదే సరైన పద్ధతి అని నేనంటాను. ఇప్పుడు పెళ్లి రిసెప్షన్లకు, కాలేజీ ఫెస్ట్‌లకు కూడా చిన్న డ్రోన్ షోలు వస్తున్నాయి కాబట్టి, 'మా డ్రోన్లలో కొలిజన్ అవాయిడెన్స్ ఉంది, భయం లేదు' అనే మాటను ఎంతవరకు నమ్మాలో కాస్త వివరంగా చూద్దాం.

పంచుకోవాల్సింది ముందు 'సున్నా'

ఈ పద్ధతి పనిచేయాలంటే రెండు విషయాలు అన్ని డ్రోన్లకూ ఒకటిగా ఉండాలి. ఒకటి టైమ్. రెండోది స్థలం, అంటే సున్నా ఎక్కడుంది, ముందు ఏ వైపు అనేది.

బయట జరిగే షోలలో టైమ్ సమస్య సులువుగానే తీరుతుంది. జీపీఎస్ సిగ్నల్‌తో పాటే చాలా కచ్చితమైన టైమ్ కూడా వస్తుంది కాబట్టి, అన్నీ ఒకే గడియారం చూస్తున్నట్టే. స్థలం దగ్గరే అసలు చిక్కు. మన ఫోన్‌లో ఉండే మామూలు జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పక్క డ్రోన్ రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ కచ్చితత్వం చాలదు. అందుకే షో డ్రోన్లలో ఆర్‌టీకే వాడతారు. నేల మీద కదలకుండా ఒక రిసీవర్ పెట్టి, అది పంపే దిద్దుబాట్లతో డ్రోన్ తన చోటును సెంటీమీటర్ల లెక్కకు తెచ్చుకుంటుంది. స్క్రీన్ మీద `RTK Fixed` అని ఉంటే ఆ స్థాయి వచ్చినట్టు. `RTK Float` అని ఉంటే ఇంకా రాలేదు, తేడా డెసీమీటర్లలో ఉండొచ్చు. ఒక్క డ్రోన్ `Float`లో ఉండగానే షో మొదలుపెడితే, అది తాను సరైన చోటే ఉన్నానని నమ్ముతూ పక్కదాని చోటులోకి జరుగుతుంది.

డ్రోన్ చోటు సరిగ్గా తెలిసినా, రాసిపెట్టిన దారి తప్పు చోట నిలబెడితే? అది కూడా జరిగింది.

ఓర్లాండోలో 7 డిగ్రీలు

2024 డిసెంబర్ 21న అమెరికాలోని ఓర్లాండోలో, లేక్ ఇయోలా అనే చెరువు దగ్గర పండగ డ్రోన్ షో జరిగింది. లేచిన కాసేపటికే డ్రోన్లు ఒకదానికొకటి తగిలి రాలిపడ్డాయి. ఒకటి జనంలోకి దూసుకొచ్చి ఒక చిన్న పిల్లాడికి తీవ్ర గాయం చేసింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు ఇచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పిన సంగతి రెండు ముక్కల్లో ఇది. షో మొత్తం పెట్టాల్సిన దిశ కంటే 7 డిగ్రీలు తిరిగి ఉంది. దాన్ని సరిచేస్తూ పంపిన లాంచ్ వివరాల ఫైల్ అన్ని డ్రోన్లకూ పూర్తిగా చేరలేదు.

7 డిగ్రీలంటే చిన్నదిగా వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి. తిరుగుడు బిందువు నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్న డ్రోన్‌కి 7 డిగ్రీల తేడా అంటే 12 మీటర్లకు పైగా పక్కకు జరిగినట్టు. డ్రోన్ల మధ్య ఎడం రెండు మూడు మీటర్లే అయినప్పుడు, అది నాలుగు నుంచి ఆరు డ్రోన్లను దాటి అవతల పడటం.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, అన్ని డ్రోన్లూ ఒకేలా 7 డిగ్రీలు తప్పి ఉంటే బొమ్మ కాస్త వంకరగా కనిపించేది, ఢీకొట్టుకునేవి కావు. తప్పు కూడా అందరికీ సమానంగా ఉంటే గుంపు క్షేమంగానే ఉంటుంది. కొన్నిటికి ఒక లెక్క, మిగతావాటికి ఇంకో లెక్క అయితేనే దారులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కాబట్టి డ్రోన్ షోలో మొదటి భద్రతా నియమం సెన్సర్ గురించి కాదు. 'ఫైల్ అందరికీ చేరిందా? చేరినట్టు ప్రతి డ్రోన్ నుంచీ తిరిగి చదివి చూశామా? ఒక్కటి తక్కువైనా ఏదీ లేవకూడదు' అనేదే ఆ నియమం.

ఎనిమిది చిన్న డ్రోన్లతో ఒక లెక్క

వేల డ్రోన్ల షో మన చేతిలో లేదు. కానీ ఇదే విషయాన్ని ఒక గదిలో ఎనిమిది చిన్న డ్రోన్లతో పూర్తిగా అర్థం చేసుకోవచ్చు. ఈ మధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు నన్ను అడిగింది కూడా ఇలాంటి షో గురించే. "సార్, కొలిజన్ అవాయిడెన్స్ ఆన్ చేసేస్తే దారులు ఎలా గీసినా అవే తప్పుకుంటాయి కదా?" అని. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఉదాహరణకు స్వీడన్‌లోని బిట్‌క్రేజ్ కంపెనీ చేసిన క్రేజీఫ్లై 2.1 తీసుకుందాం. బరువు 27 గ్రాములు, అరచేతిలో పడుతుంది, చార్జ్ చేస్తే 7 నిమిషాల వరకు ఎగురుతుంది. పైన కింద చిన్న బోర్డులు తగిలించుకోవచ్చు, ఎల్ఈడీ రింగ్ వాటిలో ఒకటి. ఆ బరువు కూడా మోస్తుంది కాబట్టి షో మూడు నాలుగు నిమిషాల్లో ముగిసేలా అనుకోవడం మంచిది. సాఫ్ట్‌వేర్ మొత్తం ఓపెన్ సోర్స్. 2017లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు క్రేజీఫ్లై డ్రోన్లను 49 ఒకేసారి గదిలో ఎగరేసి, ఆ పద్ధతిని క్రేజీస్వార్మ్ పేరుతో బయటపెట్టారు. అయితే 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పరిశోధన, అభివృద్ధి లాంటి కొన్ని అవసరాలకు మాత్రమే మినహాయింపు. కాబట్టి కాలేజీ ద్వారా సరైన అనుమతితో తెప్పించుకోవాలి తప్ప నేరుగా ఆర్డర్ పెట్టే వస్తువు కాదు.

గదిలో జీపీఎస్ రాదు. దాని బదులు వీఆర్ హెడ్‌సెట్ల కోసం చేసిన లైట్‌హౌస్ బేస్ స్టేషన్లు రెండు గోడల పైమూలల్లో పెడతారు. అవి గదంతా కంటికి కనిపించని లేజర్‌తో ఊడుస్తుంటాయి. డ్రోన్ మీదున్న సెన్సర్లు ఆ కాంతి తగిలిన తీరును బట్టి 'నేను ఎక్కడున్నాను' అని సొంతంగా లెక్కేసుకుంటాయి. దీనికి బేస్ స్టేషన్లు గదిలో ఎక్కడ, ఏ వంపులో ఉన్నాయో ప్రతి డ్రోన్ మెమరీలోనూ ఉండాలి. ఓర్లాండో కథ ఇక్కడ చిన్న సైజులో మళ్లీ ఎదురవుతుంది. ఎవరో కుర్చీ జరుపుతూ ఒక స్టాండ్‌ను కాస్త తిప్పారనుకోండి. మళ్లీ కొలిచి, కొత్త వివరాలు ఏడు డ్రోన్లకు ఎక్కించి, చార్జింగ్‌లో ఉన్న ఎనిమిదోదాన్ని మర్చిపోతే, ఆ ఒక్కదాని 'సున్నా' వేరే చోట ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. నేల మీద టేప్‌తో ఒక గుర్తు వేయండి. ఎనిమిది డ్రోన్లనూ ఒకదాని తర్వాత ఒకటి అదే గుర్తు మీద, అదే దిశలో పెట్టి `stateEstimate.x`, `stateEstimate.y`, `stateEstimate.z` చదవండి. అన్నీ దగ్గరదగ్గరగా ఒకే అంకెలు చూపాలి. ఒకటి పది సెంటీమీటర్లు తేడాగా చెబితే అది ఎగరడానికి పనికిరాదు. తర్వాత గదిలో ఇంకో మూల కూడా ఇదే చేయండి. ఎందుకంటే దిశ తప్పితే సున్నా దగ్గర తేడా కనిపించదు, దూరం పోయేకొద్దీ బయటపడుతుంది. పది నిమిషాల పని. షో రోజు పొద్దున కాదు, ప్రేక్షకులు వచ్చే ముందు చేయాలి.

ఎవరు ఎక్కడికి వెళ్లాలి?

ఇప్పుడు బొమ్మ. మొదట ఎనిమిది డ్రోన్లు 1.2 మీటర్ల ఎత్తులో, ఒక మీటరు వ్యాసార్ధంతో పళ్లెంలా పడుకున్న వలయంలో ఉన్నాయి. పక్క పక్క డ్రోన్ల మధ్య దాదాపు 77 సెంటీమీటర్లు. తర్వాత అవి ప్రేక్షకులకు ఎదురుగా బండి చక్రంలా నిలబడిన వలయంగా మారాలి. దాని వ్యాసార్ధం 85 సెంటీమీటర్లు.

ఒకరు మొదటి బొమ్మ గీస్తారు, ఇంకొకరు రెండోది. మొదటివాళ్లు కుడి చివర నుంచి 1, 2, 3 అని నంబర్లు ఇచ్చారు. రెండోవాళ్లు ఎడమ చివర నుంచి మొదలుపెట్టారు. విడివిడిగా చూస్తే రెండు బొమ్మలూ తప్పులేనివే. కానీ ఒకటో నంబర్ కుడి నుంచి ఎడమకు, ఐదో నంబర్ ఎడమ నుంచి కుడికి, ఒకే గీత మీద ఎదురెదురుగా బయల్దేరతాయి. సగం దారి దాటగానే తగులుతాయి. అంతేకాదు, అదే క్షణంలో ఇంకో రెండు జతలు కూడా తగులుతాయి. ఎనిమిదింటిలో ఆరు ఒకే దెబ్బకు పోతాయి.

లైట్ షోకి ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే, ఏ డ్రోన్ ఏ చోటుకి వెళ్లినా చూసేవాళ్లకు తేడా తెలియదు. వాళ్లకు కనిపించేది దీపం. రంగు డ్రోన్‌ది కాదు, చోటుది. ఎర్ర చుక్క ఉండాల్సిన చోటుకు ఎవరు చేరితే వాళ్లు ఎరుపు వేసుకుంటారు. కాబట్టి నంబర్లు పక్కనపెట్టి, ఎవరిని ఎక్కడికి పంపితే మంచిదో కంప్యూటర్‌నే తేల్చమనొచ్చు.

'మంచిది' అంటే ఏంటో ఇక్కడ కచ్చితంగా చెప్పాలి. ప్రతి డ్రోన్ వెళ్లే దూరాన్ని వర్గం చేసి, అన్నీ కలిపితే వచ్చే మొత్తం అతి తక్కువగా ఉండాలి. ఇలా పంచితే ఒక హామీ దొరుకుతుంది. అన్నీ ఒకేసారి బయల్దేరి, సరళరేఖలో, ఒకేసారి చేరితే, దారిలో ఏ రెండింటి మధ్యా దూరం ఒక హద్దు కంటే తగ్గదు. ఆ హద్దు, రెండు బొమ్మల్లో అతి దగ్గరగా ఉన్న జత దూరాన్ని 1.41తో భాగిస్తే వచ్చేది. కారణం కూడా సులువే. ఏ రెండు డ్రోన్లు గమ్యాలు మార్చుకున్నా మొత్తం తగ్గదంటే, వాటి మధ్య ఉన్న దిశ ప్రయాణంలో 90 డిగ్రీల కంటే ఎక్కువ తిరగడం లేదని అర్థం. ఎదురెదురుగా వచ్చే జతకి ఆ దిశ 180 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అలాంటి జత ఈ పంపకంలో మిగలదు.

పైథాన్‌లో ఇది నాలుగు వరుసలు:

```python
from scipy.optimize import linear_sum_assignment
from scipy.spatial.distance import cdist
s = [0.12, 0.12, 0.30]
row, col = linear_sum_assignment(cdist(start/s, goal/s, "sqeuclidean"))
```

`start`, `goal` అనేవి రెండు బొమ్మల్లోని చోట్లు. ఆ `s` ఏంటో ఇప్పుడు చూద్దాం.

గోడ లేదు కానీ గాలి ఉంది

డ్రోన్ పైకి నిలబడాలంటే గాలిని కిందకి తోయాలి. సరిగ్గా దాని కింద ఇంకో డ్రోన్ ఉంటే ఆ గాలి దాని నెత్తిన పడుతుంది. దీన్నే డౌన్‌వాష్ అంటారు. 27 గ్రాముల డ్రోన్‌కి ఇది పెద్ద దెబ్బే. రెక్కలు తగలకపోయినా కింది డ్రోన్ ఊగుతుంది, ఒక్కసారిగా దిగజారుతుంది. రికార్డ్ చేసిన డేటాలో కింది డ్రోన్ ఎత్తు దిగిపోతూ, మోటార్లు గరిష్ఠానికి వెళ్లడం కనిపిస్తే కారణం ఇదేనని ముందు అనుమానించండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తట్టుకున్న డ్రోన్, షో చివరి నిమిషంలో తట్టుకోలేకపోవచ్చు. అందుకే రిహార్సల్ మొదటి నిమిషం బాగుందని సంతోషపడకూడదు.

అందువల్ల డ్రోన్ చుట్టూ వదలాల్సిన ఖాళీ బంతిలా ఉండదు, నిలబెట్టిన కోడిగుడ్డులా ఉంటుంది. క్రేజీస్వార్మ్ వాళ్లు వాడిన కొలత పక్కలకు 12 సెంటీమీటర్లు, పైకి కిందికి 30 సెంటీమీటర్లు. రెండు గుడ్లు ఒకదానిలోకి ఒకటి రాకూడదు. లెక్క ఇలా. రెండు డ్రోన్ల మధ్య పక్కదూరాన్ని 0.12తో, ఎత్తు తేడాను 0.30తో భాగించి, రెండిటినీ కలిపి దూరం కట్టండి. అది 2 కంటే ఎక్కువ ఉండాలి. పై కోడ్‌లో `s` చేసేది ఈ భాగహారమే.

మన నిలువు వలయంలో ఇబ్బంది పెట్టే జత పక్క చివరన ఉన్నదీ, దాని పైనున్నదీ. వాటి మధ్య పక్కకు 25 సెంటీమీటర్లు, ఎత్తులో 60 సెంటీమీటర్లు. భాగిస్తే 2.07, 2. కలిపి దూరం కడితే 2.88. నిలబడి ఉన్నంతసేపు భద్రం. దారిలో? 2.88ని 1.41తో భాగిస్తే 2.04. అదీ 2 పైనే. అంటే బొమ్మ నుంచి బొమ్మకు మారే ప్రతి క్షణం కూడా భద్రమేనని ఒక్క మోటారు తిప్పకముందే తేలిపోయింది. వ్యాసార్ధాన్ని 85 సెంటీమీటర్లు అని ఎంచుకున్నది ఇందుకే. గదిలో పట్టే అతి చిన్న వలయం కావాలి, కానీ హామీ చెడకూడదు.

మిగిలిన జాగా తక్కువే అన్నది కూడా గమనించండి. ఒక డ్రోన్ సున్నా పది సెంటీమీటర్లు తప్పితే ఈ లెక్క మొత్తం చెల్లదు. టేప్ గుర్తు పరీక్ష చేయమన్నది అందుకే.

మరి కొలిజన్ అవాయిడెన్స్ ఆన్ చేస్తే?

క్రేజీఫ్లై ఫర్మ్‌వేర్‌లో ఆ సదుపాయం నిజంగానే ఉంది. `colAv.enable` ని 1 చేస్తే పనిచేస్తుంది. ప్రతి డ్రోన్‌కీ మిగతావాటి చోట్లు రేడియోలో అందుతుండాలి. తనకూ పక్కదానికీ సరిగ్గా మధ్యలో ఒక గీత ఉందనుకుంటుంది, ఆ గీత నుంచి తన గుడ్డు పట్టేంత ఇవతలే ఆగుతుంది. అందరూ ఇలా తమ వాటాలోనే ఉంటే ఎవరూ ఎవరికీ తగలరు. తెలివైన పద్ధతి, నాకు ఇష్టమైనది కూడా.

కానీ మన షోలో దీన్ని అలాగే ఆన్ చేస్తే ఏమవుతుందో చూడండి. ఫర్మ్‌వేర్‌లో ముందుగా పెట్టి ఉన్న గుడ్డు పెద్దది. పక్కలకు 30 సెంటీమీటర్లు, ఎత్తుకు 90. పడుకున్న వలయానికి ఇబ్బంది లేదు, లెక్క 2.5 వస్తుంది. నిలువు వలయంలో అదే జతకు లెక్క 1.07 వస్తుంది. అంటే డ్రోన్ల దృష్టిలో మనం అడుగుతున్న బొమ్మే ఒక ప్రమాదం. అవి ఆ చోట్లకు రావు. దగ్గరికొచ్చి ఆగిపోతాయి, అటూ ఇటూ జరుగుతాయి, చక్రం బదులు నలిగిన గారెలా ఏదో కనిపిస్తుంది. ఆ కొలతలతోనే చక్రం కావాలంటే వ్యాసార్ధం 1.6 మీటర్లు ఉండాలి, అంటే 3.2 మీటర్ల నిలువు బొమ్మ. మామూలు గదిలో అది పట్టదు.

పైగా ఈ మోడ్‌లో ముందుగా పెట్టి ఉన్న గరిష్ఠ వేగం సెకనుకు అర మీటరే. తప్పుకోవడంలో వెనకబడ్డ డ్రోన్ పాటకు ఆలస్యంగా చేరుతుంది. `colAv.ellipsoidX`, `colAv.ellipsoidY`, `colAv.ellipsoidZ` తగ్గించుకోవచ్చు, నిజమే. కానీ వాటిని ఎంతకు తగ్గించాలో తెలియాలంటే పైన చేసిన లెక్కే చేయాలి. ఆ లెక్క చేశాక దారులు ఎలాగూ భద్రమే కదా!

ఇంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. తప్పులు రెండు రకాలు. ప్లాన్ తప్పు కావడం ఒకటి, చోటు తప్పుగా తెలియడం రెండోది. ప్లాన్ తప్పైతే అవాయిడెన్స్ కాపాడగలదు. నంబర్లు తారుమారైన ఆ ఆరు డ్రోన్ల కథలో అది కొంత ఆదుకునేది. కానీ డ్రోన్‌కి తన చోటే తప్పుగా తెలిస్తే, అది పక్కవాళ్లకు చెప్పేదీ ఆ తప్పు చోటే. పక్కవి ఖాళీ గాలి నుంచి తప్పుకుని, అసలు డ్రోన్ ఉన్న చోటులోకే వెళ్లొచ్చు. రేడియోలో చోట్లు ఆలస్యంగా అందినా ఇదే పరిస్థితి. పంచుకున్న సమాచారం మీద నడిచే ఏ రక్షణైనా ఆ సమాచారం కంటే గట్టిగా ఉండదు.

'అంటే డ్రోన్లు సొంతంగా తప్పుకోవడం అసలు కుదరదంటారా?' అని అడగొచ్చు. బాగా కుదురుతుంది. హంగరీ పరిశోధకులు 2018లో 30 డ్రోన్లను ఆరుబయట పక్షుల గుంపులా, ఒకదాన్నొకటి తప్పుకుంటూ ఎగిరేలా చేసి చూపించారు. ఆసక్తికరమైన సంగతి ఏంటంటే, ఆ బృందం నుంచే వచ్చిన కంపెనీ డ్రోన్ షోల కోసం స్కైబ్రష్ అనే సాఫ్ట్‌వేర్ చేసింది. అందులో దారులన్నీ ముందే గీస్తారు, ఏ రెండు డ్రోన్లు మరీ దగ్గరికొస్తున్నాయో నేల మీదే చూపిస్తుంది. తప్పుకోవడం బాగా తెలిసినవాళ్లే షోకి వచ్చేసరికి ముందుగా రాసిన దారిని ఎంచుకున్నారు. గుంపుకి ఎవరు ఎక్కడున్నా ఫర్వాలేదు. బొమ్మకి అలా కాదు.

జనం ఉన్నచోట చివరి రక్షణ వేరు

పెద్ద షోలో ఒక డ్రోన్ దారి తప్పిందనుకోండి. దాన్ని చూసి పక్కది తప్పుకుంటే, అది మూడోదాని దారిలోకి వెళుతుంది. ఎవరూ లెక్కవేయని చోట్లలోకి డ్రోన్లు పోతుంటాయి, ఆ చోట్లలో జనం వైపు ఉన్నవీ ఉంటాయి. నా ఉద్దేశంలో సరైన పని దీనికి పూర్తిగా భిన్నం. దారి నుంచి ఒక హద్దు దాటి పక్కకు పోయిన డ్రోన్ ఆట నుంచి తప్పుకోవాలి. కింద ఎవరూ లేని చోటే ఎగురుతోంది కాబట్టి దిగిపోవాలి, కంచె దాటబోతే మోటార్లు ఆపేసుకోవాలి. ఒక డ్రోన్ పోతే పోయింది. బొమ్మలో ఒక చుక్క తగ్గితే ఎవరూ గమనించరు కూడా.

దీనికి కావాల్సింది కింద ఖాళీ స్థలం, జనానికి తగినంత దూరం, ప్రతి డ్రోన్‌లోనూ ఒకే కంచె వివరాలు. ఓర్లాండోలో పూర్తిగా చేరని ఫైల్‌లో కంచె హద్దులు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. కంచె కూడా ఫైలే. అది చేరిందో లేదో చూడకపోతే కంచె లేనట్టే.

గదిలో ఎనిమిది చిన్న డ్రోన్లకు కూడా ఇదే. 27 గ్రాములే అయినా కంటికి తగిలితే తగిలినట్టే. ప్రేక్షకులకూ డ్రోన్లకూ మధ్య వల కట్టండి. ఒకరి చేయి ఎప్పుడూ అన్నిటినీ ఆపే బటన్ మీద ఉండాలి, ఆ మనిషికి షో చూసే పని ఉండకూడదు.

నా తీర్పు

ఆ కుర్రాళ్లకు చెప్పిన వరుస ఇదే. ముందు సున్నా కలపండి. తర్వాత పంపకం, గుడ్డు లెక్క కంప్యూటర్‌లో పూర్తి చేయండి. ఆ తర్వాత కావాలంటే చిన్న కొలతలతో అవాయిడెన్స్ ఆన్ చేసుకోండి. కానీ ఒక షరతు. రిహార్సల్‌లో అది ఒక్కసారి కూడా కలగజేసుకోకూడదు. కలగజేసుకుందంటే షో బాగా కాపాడబడిందని కాదు, ప్లాన్‌లోనో చోటు కొలతలోనో ఎక్కడో తప్పుందని అర్థం. ఆపి వెతకాలి.

మీ ఊరి జాతరకో, ఇంట్లో పెళ్లికో ఎవరైనా డ్రోన్ షో ప్యాకేజీ చెప్పడానికి వస్తే ఎన్ని డ్రోన్లు అని అడగడం తర్వాత సంగతి. ముందు మూడు ప్రశ్నలు వేయండి. ప్రతి డ్రోన్‌కీ ఫైల్ చేరిందని లేచేముందు ఎలా తెలుసుకుంటారు? దారి తప్పిన డ్రోన్ ఏం చేస్తుంది? అది పడే చోటుకీ మా వాళ్లు కూర్చునే చోటుకీ ఎంత దూరం? వీటికి మీటర్లలో, అడుగుల్లో జవాబు చెప్పేవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వొచ్చు. 'మా డ్రోన్లు చాలా స్మార్ట్ సార్, అవే తప్పుకుంటాయి' అన్నవాళ్లకి మాత్రం నేనైతే ఇవ్వను.